హంతకుడి పేరు తర్వాత, ముందు సాక్ష్యం చూపండి

‘విచారణలో నిందితుడు నేరం ఒప్పుకున్నట్లు పోలీసులు తెలిపారు.’ ఈ వాక్యం లేకుండా మన క్రైమ్ పేజీ నిండడం అరుదు. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలును నిందితుడిపై రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమూ ఆ మాటను అలాగే ఉంచింది. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మాత్రమే మినహాయింపు. అంటే న్యాయమూర్తి పక్కన పెట్టాల్సిన ముక్కే పాఠకుడికి పతాక శీర్షికలో అందుతోంది. అదే ముక్కకు నేపథ్య సంగీతం, ముసుగు మనిషి నీడ, కత్తి బొమ్మ చేర్చితే టీవీలో అరగంట కార్యక్రమం. ఇంకాస్త సాగదీస్తే యూట్యూబ్‌లో నాలుగు భాగాల ‘ట్రూ క్రైమ్’ సిరీస్.

నిజాలు మాత్రమే కావాలనుకునే పాఠకుడు ఈ సరుకులోంచి పనికొచ్చేదాన్ని ఎలా ఏరుకోవాలి? గొంతు గంభీరంగా ఉందా, అరుపులు ఉన్నాయా అని చూసి తేల్చుకోలేం. మంచి పరిశోధనాత్మక జర్నలిజం కూడా ఉత్కంఠను వాడుకుంటుంది, సంగీతం పెట్టుకుంటుంది. నా దృష్టిలో తేడా అంతా అడిగే ప్రశ్నలో ఉంది. ట్రూ క్రైమ్ ‘ఎవరు చంపారు?’ అని అడుగుతుంది. పరిశోధన ‘ఫలానావాడే చంపాడని ఎలా తేల్చారు?’ అని అడుగుతుంది. మొదటిదానికి జవాబు చెప్పేవాడు మన నమ్మకం కోరతాడు. రెండోదానికి జవాబు చెప్పేవాడు కాగితాలు చూపించక తప్పదు.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో వినోనా అనే చిన్న ఊరు ఉంది. 1996 జులై 16 ఉదయం అక్కడి ఒక ఫర్నిచర్ దుకాణంలో యజమానురాలిని, ముగ్గురు ఉద్యోగులను ఎవరో కాల్చి చంపారు. అంతకుముందు కొద్దిరోజులు ఆ దుకాణంలో పనిచేసి మానేసిన కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి యువకుడిని కొన్ని నెలల తర్వాత అరెస్టు చేశారు. డగ్ ఎవాన్స్ అనే ప్రాసిక్యూటర్ ఆ ఒక్క కేసులో ఆ ఒక్క మనిషిని ఆరుసార్లు విచారణకు నిలబెట్టారు. మొదటి మూడు విచారణల్లో మరణశిక్ష పడింది. మూడుసార్లూ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టేసింది. నాలుగు, ఐదు విచారణల్లో జ్యూరీకి ఏకాభిప్రాయం కుదరలేదు. 2010లో ఆరోసారి మళ్లీ మరణశిక్ష.

‘ఇన్ ద డార్క్’ అనే పాడ్‌కాస్ట్ 2018లో తన రెండో సీజన్‌కు ఈ కేసును ఎంచుకుంది. మామూలు ట్రూ క్రైమ్ బృందమైతే హత్యల దగ్గర మొదలుపెట్టి, రక్తం మడుగు వర్ణించి, ‘మరి ఫ్లవర్స్ కాకపోతే ఎవరు?’ అంటూ ఎపిసోడ్ ముగించేది. మాడెలిన్ బారన్ నాయకత్వంలోని ఈ బృందం ఆరు విచారణల్లో ఒక్కో సాక్ష్యాన్ని విడిగా తీసి పరీక్షించింది. అందుకోసం విలేకరులు మిసిసిపీకి మకాం మార్చి నెలల తరబడి అక్కడే ఉన్నారు.

ఆ ఉదయం ఫ్లవర్స్ ఊళ్లో ఫలానా దారిన నడిచి వెళ్లాడన్నది ప్రాసిక్యూషన్ కథ. దారి పొడవునా అతన్ని చూశామని వరసగా సాక్షులు చెప్పారు. అంతమంది చూశారంటే వినేవాళ్లకు సందేహమే రాదు. విలేకరులు ఆ సాక్షుల ఇళ్లకు వెళ్లి అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు: పోలీసులు మీ దగ్గరికి ఎప్పుడు వచ్చారు? మీరే వెళ్లారా, వాళ్లే పిలిపించారా? అది ఆ రోజేనని మీకెలా గుర్తు? చాలామంది వాంగ్మూలాలు హత్యలు జరిగిన వారాలు, నెలల తర్వాత తీసుకున్నవని తేలింది. చూసింది ఆ రోజో మరో రోజో చెప్పలేమన్నవాళ్లూ ఉన్నారు. సమాచారం ఇస్తే 30,000 డాలర్ల బహుమతి అన్న ప్రకటన ఊరంతా ఉన్న రోజులవి. ఈ తేదీలను మన క్రైమ్ వార్తకు అన్వయించి చూడండి. ‘ప్రత్యక్ష సాక్షి కథనం’ అని రాసిన చోట ఆ సాక్షి ఎప్పుడు నోరు విప్పాడో ఎంత అరుదుగా రాస్తామో తెలుస్తుంది.

ఫ్లవర్స్ తన దగ్గర నేరం ఒప్పుకున్నాడని జైలులోని మరో ఖైదీ సాక్ష్యం చెప్పాడు. ఈ కేసులో అన్నిటికంటే బరువైన సాక్ష్యం ఇదే. విలేకరులు అతని సొంత నేరచరిత్రను తవ్వి, ఏ ఏడాది ఏ కేసు పడింది, దానికి ఎంత శిక్ష పడింది, ఎన్నిసార్లు తేలిగ్గా బయటపడ్డాడు అని వరస పేర్చారు. చివరికి వేరే హత్యలకు యావజ్జీవం అనుభవిస్తున్న అతనే జైలు నుంచి దొంగ ఫోనులో వారితో మాట్లాడి, ఆ ఒప్పుకోలు కథ కల్పితమన్నాడు. ఇక్కడొక చిక్కుంది. ఇరవై ఏళ్లు అబద్ధం చెప్పానంటున్నవాడి ఇప్పటి మాటను మాత్రం ఎందుకు నమ్మాలి? సంచలనం కోరేవాడు ఆ ఫోన్ కాల్‌తోనే సిరీస్ ముగించేవాడు. వీళ్లకు ఆ కాల్ కంటే దాని వెనక పేర్చిన కేసుల వరసే గట్టి ఆధారం. ఆ మనిషి మాట మార్చినా కోర్టు రికార్డు మారదు.

ఇక జ్యూరీ సంగతి. మనకు జ్యూరీ విధానం పోయి దశాబ్దాలైంది కాబట్టి కాస్త వివరం అవసరం. పౌరులను పిలిచి, వారిలోంచి పన్నెండుమందిని ఎంపిక చేసేటప్పుడు ఇరుపక్షాల లాయర్లూ కారణం చెప్పకుండానే కొందరిని తప్పించవచ్చు. జాతిని బట్టి తప్పించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. అయితే ఎవరిని ఎందుకు తప్పించారో మొత్తంగా లెక్క చూసే వ్యవస్థ అక్కడ లేదు. ఎవాన్స్ నల్లవాళ్లను తప్పిస్తాడని ఊళ్లో అనుకునేవారు. అనుకోవడం వార్త కాదు. విలేకరులు ఆయన పరిధిలోని కోర్టు భవనాలన్నిటికీ వెళ్లి, 1992 నుంచి 2017 దాకా జరిగిన విచారణల దస్త్రాలను లక్షకు పైగా పేజీలు స్కాన్ చేశారు. జ్యూరీ జాబితాల్లో ఎవరు నల్లవారు, ఎవరు తెల్లవారు, ఎవరిని ఏ పక్షం తప్పించింది అని ఒక్కొక్క పేరూ ఎక్కించారు. 418 విచారణలు గుర్తిస్తే, లెక్కకు సరిపడా సమాచారం దొరికింది 225కే. ఆ మాట దాచకుండా చెప్పారు. ఆ 225లో ప్రాసిక్యూషన్ అర్హులైన నల్లవారిలో 50 శాతాన్ని, తెల్లవారిలో 11 శాతాన్ని తప్పించింది. ఆ తేడాకు జాతి కాకుండా మరో కారణం ఉందేమోనని విడిగా పరీక్షించి, లెక్క వేసిన పద్ధతినీ డేటానూ అందరి ముందూ పెట్టారు. తప్పు పట్టదలచుకున్నవాళ్లు అవే అంకెలతో మళ్లీ లెక్కేసుకోవచ్చు. నేను చూసిన ట్రూ క్రైమ్ సిరీస్‌లలో ఇలా చేతికి అంకెలిచ్చిన దాన్ని ఒక్కదాన్నీ చూపలేను.

2019 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో ఫ్లవర్స్ శిక్షను రద్దు చేసింది. ఆరు విచారణల్లో కలిపి ప్రాసిక్యూషన్ తప్పించగలిగే అవకాశం ఉన్న 42 మంది నల్లవారిలో 41 మందిని తప్పించిందని తీర్పు పేర్కొంది. ఆరో విచారణలో తప్పించిన ఐదుగురు నల్లవారిని 145 ప్రశ్నలు అడిగారు. జ్యూరీలో కూర్చున్న 11 మంది తెల్లవారిని అడిగినవి 12. ‘పాడ్‌కాస్ట్ ఒక నిర్దోషిని విడిపించింది’ అని ప్రచారం చేయడానికి ఇంతకంటే అనువైన ఘట్టం ఉండదు. కానీ తీర్పు ఆధారపడింది విచారణల రికార్డు మీద. ఆ రికార్డును ఏళ్ల తరబడి పట్టుకుని పోరాడింది అతని లాయర్లు. పాడ్‌కాస్ట్ పని ప్రధానంగా ఉపయోగపడింది ఆ తర్వాతే. ఏడోసారి విచారించాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు నిలబెట్టడానికి సాక్షులే మిగల్లేదు. బతికుండి, అందుబాటులో ఉండి, పొంతనలేని వాంగ్మూలాలు ఇవ్వని కీలక సాక్షి ఒక్కరూ లేరని చెప్పి రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం 2020 సెప్టెంబరులో కేసు ఎత్తేసింది. అప్పటికి దాదాపు 23 ఏళ్లు ఫ్లవర్స్ కటకటాల వెనకే గడిపాడు.

ఈ సీజన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్లు చేయకుండా వదిలేసిన పని. హత్యలు జరిగిన కొత్తలో పోలీసులు మరో వ్యక్తిని పట్టుకుని ప్రశ్నించారని, ఆ సంగతి ఫ్లవర్స్ లాయర్లకు చెప్పలేదని వాళ్లు బయటపెట్టారు. ఆ మనిషితో మాట్లాడారు కూడా. అయినా ‘ఇతనే అసలు హంతకుడు’ అనలేదు. ఆ వివరం వాళ్లకు పనికొచ్చింది పోలీసులు ఏం దాచారో చూపడానికి మాత్రమే. దాన్ని దాటి ఒక్క అడుగు వేసి ఉంటే, ఎవాన్స్ చేశాడంటున్న తప్పునే వీళ్లూ చేసినట్లు అయ్యేది. వినోనాలో ఆ నలుగురిని చంపిందెవరో కోర్టులో ఈనాటికీ రుజువు కాలేదు. పదకొండు ఎపిసోడ్లు దాటినా హంతకుడు దొరకలేదని విసుక్కునే శ్రోతకు ట్రూ క్రైమే సరైన సరుకు. అందులో తప్పేమీ లేదు గానీ దాన్ని వార్త అనుకోకూడదు.

ఇదంతా దూరదేశపు గోల అని కొట్టిపారేయలేం. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి హాస్టల్‌లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. పోలీసులు నిందితుడంటూ చూపిన యువకుడికి 2010లో శిక్ష పడింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలిపెట్టింది, ఆ తర్వాత దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. అరెస్టు రోజు వచ్చిన వార్తలను, 2017 తీర్పును పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే కేసు గురించి రెండు వేర్వేరు లోకాలు కనిపిస్తాయి.

ఒక్క కేసుకు ఏడాది పాటు ఇంతమంది విలేకరులను కేటాయించడానికి మన పత్రికలకు స్తోమత లేదన్నది నిజం. ఖర్చు భారం అక్కడా ఉంది. అన్ని పురస్కారాలు పొందిన ఆ బృందాన్నే దాని మాతృసంస్థ 2022లో వదిలించుకుంది, మరుసటి ఏడాది న్యూయార్కర్ పత్రిక చేరదీసింది. కానీ వినోనా పనిలో ఎక్కువ భాగం ఓపికతో కాగితాలు లెక్కపెట్టడమే. అలాంటి చిన్న లెక్క ఇక్కడా వేయొచ్చు. ఒక జిల్లా, ఒక సంవత్సరం తీసుకోండి. ఎస్పీ ప్రెస్‌మీట్‌లో ‘కేసు ఛేదించాం’ అని ప్రకటించి, మాస్కులు తొడిగిన నిందితులను వెనక నిలబెట్టిన హత్య కేసులు ఎన్నో పాత సంచికల్లోంచి ఏరండి. ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు ఉంటే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు ఏ దశలో ఉందో తెలుస్తుంది, తీర్పు వెలువడితే ప్రతి దొరుకుతుంది. శిక్ష పడినవెన్ని, కొట్టేసినవెన్ని, కొట్టేసిన చోట న్యాయమూర్తి ఏ సాక్ష్యాన్ని ఎందుకు నమ్మలేదు అని ఒక పట్టిక గీయండి. ఒక విలేకరికి ఇది రెండు మూడు నెలల పని. వచ్చే ఏడాది అదే ఎస్పీ కార్యాలయంలో ప్రెస్‌మీట్ జరిగినప్పుడు ఆ పట్టిక చేతిలో పెట్టుకుని కూర్చోవచ్చు.