ఫోను మారినా రైతు గోడు మారకూడదు

మా వైపు ఒక రైతు ఎకరంన్నర మిర్చి వేశాడు. నాటిన 50 రోజులకు ఆకు ముడత వచ్చింది. తామర పురుగు మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఒక సలహా కేంద్రానికి ఫోన్ చేశాడు. ఎత్తినాయన పది నిమిషాలు అన్నీ అడిగి, "ఇది పై సారుకి చెప్పాలి, ఉండండి" అని లైను కలిపేసి తప్పుకున్నాడు. పై సారు మొదటి మాట: "చెప్పండి, ఏ పంట?"

రైతు మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి విసుగొచ్చి "మిర్చిలో ముడత సార్" అని ఊరుకున్నాడు. మళ్లీ తామర పురుగు మందే రాయించుకున్నాడు. డబ్బు పోయింది, ముడత పోలేదు.

జారిపోయిందేమిటో చూడండి. ఆకు అంచులు పైకి ముడిస్తే పై ముడత, అది తామర పురుగు పని. కిందికి ముడిచి, తిరగేసిన పడవలా ఉండి, కాడ సాగితే కింది ముడత, అది తెల్లనల్లి. దీనికి చాలా తామర పురుగు మందులు పనిచేయవు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టాలి. "కిందికి ముడిచింది, రెండుసార్లు కొట్టాను" అని రైతు మొదటాయనకు చెప్పాడు. ఆ మాట రెండో ఆయనకు చేరనే లేదు.

సరైన పద్ధతి కష్టమేం కాదు. మొదటాయన లైను వదలకూడదు. రైతు వింటుండగానే రెండో ఆయనకు చెప్పాలి: "ఎకరంన్నర మిర్చి, 50 రోజులు, ఆకు కిందికి ముడిచింది, తామర పురుగు మందు రెండుసార్లు కొట్టారు, తగ్గలేదు. ఇప్పుడేం కొట్టాలని అడుగుతున్నారు." తప్పుంటే రైతు అక్కడే దిద్దుతాడు. రెండో ఆయన "కాడలు సాగాయా?" అని ఒక్కటి అడిగితే చాలు. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ (1800-180-1551)లోనూ, కింద తేలని ప్రశ్నకు పై నిపుణుణ్ణి అదే ఫోన్‌లో కలపాలన్నదే ఏర్పాటు.

దీనికి మొదటాయన మరో రెండు నిమిషాలు ఆగాలి, నిజమే. ఫోన్లు ఎక్కువగా ఉన్నప్పుడు అది భారమే. పై సారు దొరకకపోతే ఖాళీ లైనుకు తోసేయకుండా, విషయమంతా రాసుకుని, ఏ టైముకి తిరిగి ఫోన్ వస్తుందో చెప్పాలి. రాసుకున్నా "మిర్చి, ముడత" అని రెండు ముక్కలైతే లాభం లేదు. ఏ మందు కొట్టారో, ఫలితమేమిటో ఉండాలి.

రైతు సోదరులారా, లైను మారుస్తామంటే "మీరే సారుకి చెప్పండి, నేను వింటాను" అనండి. రెండో ఆయన "ఏ పంట?" అని మొదలెడితే మీ కథ చేరలేదని గుర్తు. అప్పుడు విసుగు పడకుండా ఆకు ఎటు ముడిచిందో, ఏం కొట్టారో ముందు చెప్పండి. కానీ ఆ బాధ్యత రైతుది కాదు, జీతం తీసుకుని ఫోనెత్తేవాళ్లది.