డీయాక్టివేట్ చేస్తే డిలీట్ అయినట్టు కాదు

ప్రిలిమ్స్ దగ్గరపడగానే ఇక్కడ జగదల్‌పూర్ రూముల్లో ఒకే మాట వినిపిస్తుంది: "ఫేస్‌బుక్ తీసేశాను." నాతో చదివే మిత్రుడూ అదే అన్నాడు. వారం తిరక్కుండా ఒక మాక్ టెస్ట్ యాప్‌లోకి పాత సోషల్ మీడియా ఖాతాతో లాగిన్ అయ్యాడు. అంతే, ఖాతా మళ్లీ లేచి కూర్చుంది. అతను తీసేసిందేమీ లేదు, తెర మాత్రమే దించాడు.

డీయాక్టివేట్ చేస్తే ప్రొఫైల్ ఇతరులకు కనబడదు, డేటా మాత్రం సర్వర్‌లో చెక్కుచెదరకుండా ఉంటుంది. దానికి గడువు కూడా లేదు. నిజంగా తీసేయాలంటే `Accounts Centre`లో `Personal details`, అందులో `Account ownership and control`కు వెళ్లి, `Deactivation or deletion` దగ్గర రెండోది ఎంచుకోవాలి. రెండు ఎంపికలూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉండటమే గందరగోళానికి మూలమని నా అభిప్రాయం.

డిలీట్ నొక్కినా ఆట అయిపోదు. జూన్ 1న నొక్కామనుకుందాం. 30 రోజుల లోపు లాగిన్ అయి రద్దు చేసుకోవచ్చు. జూలై 1 నుంచి అసలు తొలగింపు మొదలైతే, పోస్టులన్నీ పోవడానికి 90 రోజుల వరకు, అంటే సెప్టెంబర్ 29 దాకా పట్టొచ్చు. మిత్రులకు పంపిన సందేశాలు వాళ్ల ఇన్‌బాక్సుల్లో ఎప్పటికీ ఉంటాయి.

ఈ 30 రోజుల మీద నాకు కోపం లేదు. కోపంలోనో, ఫోన్ ఎవరి చేతికో చిక్కడం వల్లనో ఖాతా పోతే వెనక్కి తెచ్చుకునే దారి ఉండాలి. నా అభ్యంతరం మనం రాసే జవాబుల మీద. "డేటా తొలగింపు హక్కు" అని ఒక వాక్యం రాసి వదిలేస్తాం. 2021 ఐటీ నిబంధనల్లో 3(1)(హెచ్) చదివినవాళ్లు ఎందరు? ఖాతా రద్దయ్యాక కూడా రిజిస్ట్రేషన్ సమాచారాన్ని 180 రోజులు దాచాలని అది మధ్యవర్తి సంస్థలను ఆదేశిస్తుంది. జూలై 1న రద్దయితే డిసెంబర్ 28 దాకా! పైన చెప్పిన 90 రోజులు కంపెనీ పెట్టుకున్నది, ఈ 180 రోజులు ప్రభుత్వం పెట్టినది. తప్పంతా కంపెనీల మీదికి నెట్టే జవాబులో సగం వాస్తవం లేదు.

కోర్టు వైపు నుంచి ఉదాహరణ కావాలంటే కర్మణ్య సింగ్ సరీన్ కేసు ఉంది. 2016 సెప్టెంబర్ 23న ఢిల్లీ హైకోర్టు, ఆ నెల 25కు ముందు వాట్సాప్ ఖాతాను డిలీట్ చేసుకున్నవారి సమాచారాన్ని సర్వర్ల నుంచి పూర్తిగా తీసేయాలని, ఫేస్‌బుక్‌తో పంచుకోకూడదని ఆదేశించింది. ఆ ఊరట దక్కింది డిలీట్ చేసినవారికి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసి ఊరుకున్నవారికి కాదు.

ఇక మా మిత్రుడు మొన్న డిలీట్ నొక్కాడు. ముందుగా ఆ మాక్ టెస్ట్ యాప్ లాగిన్‌ను ఈమెయిల్‌కు మార్పించాను.