మిషన్‌కి మాటలు, నోటికి నడక

మన క్లబ్‌లో కథ పంపే ముందు అందరికీ ఇచ్చే సలహా ఒకటుంది: "ఒకసారి పైకి చదువుకో." ఈమధ్య దానికి ఇంకోటి తోడైంది: "ఫోన్‌తో చదివించి విను." రెండూ మంచి సలహాలే. కానీ చాలామంది ఈ రెండూ ఒకటే పని అనుకుంటున్నారు. ఫోన్ చదివింది కాబట్టి ఇక మనం చదవక్కర్లేదని కొందరు, మనం చదివాం కాబట్టి ఫోన్ ఎందుకని ఇంకొందరు. నా అభిప్రాయం ఏంటంటే, ఈ రెండిటి పని వేరు. తప్పిపోయిన మాటల్ని మిషన్ పట్టిస్తుంది. వాక్యం నడకని మన నోరు పట్టిస్తుంది. ఒకదాని పని ఇంకోదానికి అప్పగిస్తే రెండూ చెడతాయి.

ముందు మన నోరు ఎందుకు చాలదో చూద్దాం. మనం రాసింది మనకి ముందే తెలుసు. చదివేటప్పుడు కన్ను ప్రతి అక్షరం దగ్గరా ఆగదు, మాట ఆకారం చూసి ముందుకి జరిగిపోతుంది. పేజీలో లేని "కి"ని, "ని"ని మనసే నింపేస్తుంది. పైకి చదివినా అంతే, రాయని విభక్తిని నోరు పలికేస్తుంది, చెవి కూడా సరే అంటుంది. మిషన్‌కి మన కథ తెలీదు. పేజీలో ఏముంటే అదే పలుకుతుంది.

తెలుగులో ఈ గొడవ ఇంగ్లిష్‌లో కన్నా ఎక్కువని నాకనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో చిన్న మాట ఒకటి ఎగిరిపోతే వాక్యం చాలాసార్లు విరిగినట్టు కనిపిస్తుంది. తెలుగులో ఒక్క అక్షరం పోయినా మిగిలింది ఇంకో మంచి వాక్యంలా నిలబడుతుంది. స్పెల్ చెక్‌కి అందులో తప్పేమీ కనపడదు. దీన్ని చూపించడానికే కావాలని ఒక పేరా రాశాను. భద్రాచలం కరకట్ట, వరద రోజు:

"వన తగ్గింది గానీ గోదావరి తగ్గలేదు. నీళ్లు 48 అ. దాటాయని విని కరకట్ట మీదికి వచ్చిన జనం మధ్యలో నిలబడి నీళ్లకేసి చూస్తున్న తాత చెయ్యి పట్టుకుని ఉన్న చెల్లి నాన్న ఇంకా రాలేదని అమ్మ చెప్పింది. అమ్మ మరియు పెద్దమ్మ సామాన్లు ట్రాక్టర్ ఎక్కించారు. తొందరలో తొందరలో చిన్న చిన్న గిన్నెలు మర్చిపోయారు."

దీన్ని మిషన్‌తో చదివించడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద "Select to Speak" ఉంటుంది. లాప్‌టాప్‌లో ఎడ్జ్ బ్రౌజర్ తెరిచి Ctrl+Shift+U కొడితే చదవడం మొదలుపెడుతుంది. వాయిస్ ఆప్షన్స్‌లో శ్రుతి, మోహన్ అని రెండు తెలుగు గొంతులుంటాయి, వాటికి నెట్ కావాలి. చర్ల వైపో దుమ్ముగూడెం వైపో ఊరికెళ్లి సిగ్నల్ లేనిచోట కూర్చుని రాసేవాళ్లు లాప్‌టాప్‌లో eSpeak NG పెట్టుకోవచ్చు. అది నెట్ లేకుండానే పనిచేస్తుంది:

```
espeak-ng -v te -s 120 -f katha.txt
```

ఇక్కడ `-s` అంటే వేగం. ఏమీ ఇవ్వకపోతే నిమిషానికి 175 మాటల లెక్కన పరిగెడుతుంది. 120 దగ్గర పెడితే ఒక్కో అక్షరం విడిగా వినపడుతుంది. గొంతు మాత్రం రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టుంటుంది. తప్పులు వెతకడానికి నాకు ఆ గొంతే ఇష్టం. తియ్యటి గొంతు చదివితే తప్పు కూడా తియ్యగానే వినపడుతుంది. వినేటప్పుడు పాటించాల్సింది ఒక్కటే, స్క్రీన్ చూడకూడదు. చూస్తే కన్ను మళ్లీ నింపేస్తుంది. కళ్లు మూసుకుని వినండి, ఎక్కడ అనుమానం వస్తే అక్కడ ఆపండి.

ఇప్పుడు మన పేరా విందాం. మొదటి మాట దగ్గరే చెవి ఆగుతుంది. "వన తగ్గింది" అంటోంది. వాన దీర్ఘం పోయింది. వనం, వనవాసం చదివిన కంటికి "వన" తప్పుగా కనపడదు, చెవికి మాత్రం వెంటనే పొట్టిగా తగులుతుంది. తర్వాత "నలభై ఎనిమిది అ" అని ఊరుకుంటుంది. "అ." అంటే అడుగులని మనకి తెలుసు, దానికి తెలీదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని ఇక్కడివాళ్లకి చిన్నప్పుడే నోటికొస్తుంది. వేరే ఊరి పాఠకుడికి ఆ "అ." కూడా అర్థం కాదు. పూర్తిగా "అడుగులు" అని రాస్తే ఇద్దరికీ మేలు.

అసలు దొంగ రెండో వాక్యంలో ఉన్నాడు. "చెల్లి, నాన్న ఇంకా రాలేదని అమ్మకి చెప్పింది" అని రాయాలనుకున్నాం. "కి" ఎగిరిపోయింది, కామా కూడా లేదు. మిషన్ "చెల్లి నాన్న ఇంకా రాలేదని అమ్మ చెప్పింది" అని గుక్కతిప్పకుండా చదువుతుంది. అంటే చెప్పింది అమ్మ అయిపోయింది, నాన్న ఏమో చెల్లికి మాత్రమే నాన్న అయిపోయాడు. కథలో చుట్టరికమే మారిపోయింది. వ్యాకరణంలో మాత్రం ఎక్కడా తప్పు లేదు. మనమే పైకి చదివితే చెల్లి దగ్గర కొంచెం ఆగి, "అమ్మకి" అని పలికి, అంతా బాగుందని సంతోషపడతాం.

చివరి వాక్యంలో "తొందరలో" రెండుసార్లు పడింది. ఇది కూడా కంప్యూటర్ తనంతట తాను తేల్చలేని విషయం, ఎందుకంటే పక్కనే ఉన్న "చిన్న చిన్న" మనకి సరైన వాడుకే. ఏ జంట మనం కావాలని పెట్టింది, ఏది కాపీ పేస్ట్‌లో పడింది అన్నది వినేవాడికే తెలుస్తుంది.

ఇంతవరకే మిషన్ పని. అదే పేరాలో రెండో వాక్యం ఎంత పొడుగుందో మిషన్ మనకి చెప్పదు. దానికి ఊపిరి లేదు. నలభై మాటల వాక్యాన్నీ నాలుగు మాటల వాక్యాన్నీ ఒకే తీరుగా చదివేస్తుంది. ఇక్కడ మన నోరు కావాలి. డ్రాఫ్ట్ ప్రింట్ తీసుకోండి, లేదంటే నోట్‌బుక్‌లో రాసుకోండి. పెన్సిల్ పట్టుకుని పక్కవాడికి వినపడేలా చదవండి. ఊపిరి పీల్చుకున్న ప్రతిచోటా ఒక గీత పెట్టండి. గీతలు వాక్యాల చివర పడితే మంచిదే. "చూస్తున్న" అన్న తర్వాత, "తాత" అనకముందే పడిందంటే ఆ వాక్యం ఊపిరికి మించి ఉందని అర్థం.

ఇది ఇంగ్లిష్ మీడియం పిల్లలం ఎక్కువగా చేసే పని. ఇంగ్లిష్‌లో ముందు మనిషిని చెప్పి, ఆ మనిషి గురించిన వివరాలు వెనక తగిలిస్తారు. అదే వాక్యాన్ని తెలుగులోకి తెస్తే వివరాలన్నీ మనిషికి ముందు పోగుపడతాయి: వచ్చిన, చూస్తున్న, పట్టుకుని ఉన్న. క్రియ కోసం చివరిదాకా అందర్నీ గుర్తుపెట్టుకోవాలి. గీతలు పడ్డచోట విడగొడితే ఇలా వస్తుంది:

"వాన తగ్గింది గానీ గోదావరి తగ్గలేదు. నీళ్లు 48 అడుగులు దాటాయని విని జనం కరకట్ట మీదికి వచ్చారు. తాత వాళ్ల మధ్యలో నిలబడి నీళ్లకేసి చూస్తున్నాడు. చెల్లి ఆయన చెయ్యి వదలకుండానే, నాన్న ఇంకా రాలేదని అమ్మకి చెప్పింది. అమ్మా పెద్దమ్మా సామాన్లు ట్రాక్టర్ ఎక్కించారు. తొందరలో చిన్న చిన్న గిన్నెలు మర్చిపోయారు."

చివరి వాక్యాన్ని మినహాయిస్తే నాలుగో వాక్యాన్ని కూడా రెండు ముక్కలు చెయ్యొచ్చు. చేస్తే అన్నీ పొట్టి వాక్యాలై సుత్తి దెబ్బల్లా పడతాయి. అది కూడా నోటికే తెలుస్తుంది. "మరియు" ఎలా పోయిందో చూశారా? దాన్ని నేను వెతికి తీసెయ్యలేదు. చదువుతుంటే నోరే "అమ్మా పెద్దమ్మా" అంటుంది. నోరు పేజీని కాదని వేరేలా పలికిన చోట సాధారణంగా నోటి మాటే బాగుంటుంది. అలా మార్చిన సంగతి మనకి తెలియడానికి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని పేజీతో పోల్చుకోవాలి. లేదా ఒక ఫ్రెండ్ చేతికి కాగితం ఇచ్చి, తేడా వచ్చినచోట గీత పెట్టమనాలి.

వరస కూడా ముఖ్యమే. ముందు మిషన్, తర్వాత నోరు. మాటలు తప్పిపోయిన వాక్యానికి నడక సరిచేసుకుంటే, మాట తిరిగి పెట్టాక ఆ నడక మళ్లీ మారుతుంది.

మిషన్‌కి దొరకనివి కూడా చెప్పుకోవాలి. ద బదులు ధ పడినా, శ బదులు స పడినా చెవికి తేడా సరిగ్గా అందదు. వాటికి కళ్లే దిక్కు. పాత అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలైతే అసలు చదవలేదు, ఎందుకంటే పైకి తెలుగులా కనపడినా లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. పిచ్చి గీతలొస్తే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది. "ఏందిరా, ఇంకా ఈడనే ఉన్నవ్?" అన్న మాటని మిషన్ వార్తలు చదివినట్టు చదువుతుంది. అందులో ఎక్కసెక్కం ఉండదు, చనువు ఉండదు. అది విని, డైలాగ్ బాగాలేదనుకుని "ఏమిటి, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని మార్చేస్తున్నారు. ఇది నాకు నచ్చదు. ఇక్కడి భాష ఒకే తీరుగా ఉండదు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉంది, ఆ తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో టౌన్ తెలంగాణలో ఉండిపోయింది, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఒకే ఇంట్లో ఒకరు "ఈడ" అంటారు, ఇంకొకరు "ఇక్కడ" అంటారు. ఆ తేడా వినపడకపోతే అది మన ప్రాంతం కథే కాదు. కోయ మాటలైతే మరీనూ. తెలుగు లిపిలో రాసినా తెలుగు గొంతు వాటిని తెలుగు లాగే పలుకుతుంది. అది తప్పుగా వినపడిందని మార్చడం, బాగా వినపడిందని వదిలెయ్యడం రెండూ పొరపాటే. ఆ మాటలు కోయ మాట్లాడే ఇంట్లోని మనిషి చదివి చెప్పాలి.

అందుకని నేను ఒక హద్దు గీసుకున్నాను. మిషన్ మాట విని, నేను రాయాలనుకోని దాన్నే మారుస్తాను: పోయిన "కి", పోయిన దీర్ఘం, రెండుసార్లు పడ్డ మాట. నేను కావాలని రాసిన మాట దాని నోట్లో ఎంత వంకరగా వినపడినా ముట్టుకోను. ఆ మాట ఉండాలా వద్దా అన్నది అలా మాట్లాడే మనిషి నోటితో చదివించి తేల్చుకుంటాను.