టైల్స్ అతికించకముందే గేజి ముల్లు చూపించమనండి!

కొత్తచెరువులో, చుట్టుపక్కల ఊర్లలో ఇల్లు కట్టుకుంటున్న అన్నలకు, అక్కలకు,

మా ఇంట్లో జరిగింది ముందు చెబుతాను. బాత్రూం గోడలో పైపులు వేసి గాడి పూడ్చే ముందు ప్లంబర్ మిద్దె మీది ట్యాంకు నీళ్లు వదిలాడు. ఎక్కడా చుక్క కారలేదు. "టెస్ట్ అయిపోయిందన్నా" అన్నాడు, నేనూ సరేనన్నాను. ఇంట్లో దిగిన కొన్నాళ్లకు షవర్ ధార చాలలేదని ప్రెజర్ పంపు పెట్టించాం. వారం తిరక్కముందే బాత్రూం అవతలి పడకగదిలో గోడ రంగు ఉబ్బింది. రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి సగమైంది. పదకొండు టైల్స్ పగలగొడితే ఒక ఎల్బో దొరికింది. లోపల సొల్యూషన్ లేదు. పైపును కొలతకు ఒట్టిగా దూర్చి, అతికించడం మరిచిపోయారు.

అలాంటి ఎల్బో ఆ రోజు ఎందుకు కారలేదు? పది మీటర్ల ఎత్తు నీళ్లు నిలబడితే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ప్రెజర్ వస్తుంది. ఒక అంతస్తు ఇంట్లో ట్యాంకుకూ కుళాయికీ మధ్య ఎత్తు నాలుగైదు మీటర్లే, అంటే అర కిలో. బిగువుగా దూరిన పైపు అంతమాత్రం ప్రెజర్‌ను సొల్యూషన్ లేకుండానే కొంతకాలం ఆపగలదు. ప్రెజర్ పంపు రెండు మూడు కిలోలతో తోసేసరికి వదిలేసింది. అందుకే ట్యాంకు నీళ్లు వదిలి చూడటం టెస్ట్ కాదు. ఇంటి లోపలి నీటి పైపులను 6 కిలోల ప్రెజర్‌తో పరీక్షించాలని, పంపు ఆపిన తర్వాత కనీసం అరగంట ఆ ప్రెజర్ తగ్గకుండా నిలవాలని కేంద్ర ప్రజా పనుల శాఖ నిబంధనల్లోనే ఉంది. మన ప్లంబర్‌ను అడగాల్సింది కూడా అదే.

దీనికి కావాల్సింది గేజి ఉన్న చేతి పంపు మిషను. సొల్యూషన్ పెట్టిన చివరి జాయింటుకు ఒక రోజు ఆరుదల ఇచ్చి, మరుసటి ఉదయం ఎండ ముదరకముందే మొదలుపెట్టమనండి. పైపు ఎండకు కాగితే ముల్లు దానంతటదే కదులుతుంది. గీజరు, కుళాయిలు బిగించకూడదు, అన్ని పాయింట్లకూ ఎండ్ ప్లగ్ ఉండాలి. మిక్సర్ దగ్గర వేడి నీళ్ల పాయింటునూ చన్నీళ్ల పాయింటునూ చిన్న గొట్టంతో కలిపితే రెండు లైన్లూ ఒకేసారి టెస్ట్ అవుతాయి. ట్యాంకు వైపు వాల్వు మూయాలి. మిషను తగిలించక ముందు గేజి ముల్లు సున్నా మీద ఉందో లేదో మీరే చూడండి.

ఎక్కువ మంది వదిలేసేది గాలి తీయడం. అన్నిటికన్నా ఎత్తులో ఉన్న పాయింటు ప్లగ్ వదులు చేసి, బుసబుసమని గాలిపోయి నీళ్లు ఒకే ధారగా వచ్చాకే బిగించాలి. నీళ్లు నొక్కితే అణగవు, గాలి దూదిలా అణుగుతుంది. పైపులో గాలి మిగిలితే చిన్న లీకు ఉన్నా ఆ గాలే సాగుతూ ముల్లును నిలబెడుతుంది, మనం మోసపోతాం. గాలి లేకపోతే నాలుగైదు చెంచాల నీళ్లు కారినా ముల్లు పడిపోతుంది. పంపు కొట్టేటప్పుడే ఇది తెలిసిపోతుంది. కొద్ది దెబ్బలకే ముల్లు చురుగ్గా లేస్తే గాలి లేనట్టు, ఎంత కొట్టినా మెత్తగా లేస్తుంటే ఉన్నట్టు. నీళ్లకు బదులు కంప్రెసర్ గాలితో టెస్ట్ చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. గాలి నింపిన ప్లాస్టిక్ పైపు పగిలితే ముక్కలు మనుషుల మీదికి ఎగురుతాయి.

మా ఇంట్లో మరమ్మతు అయ్యాక ఇలాగే చేయించాను. ముల్లు పది నిమిషాల్లో 6 నుంచి 5కు దిగింది. గోడ మళ్లీ కొట్టాలేమోనని నా గుండె జారింది. కొత్త ప్లంబర్ గోడ జోలికి పోకుండా ముందు మిషను గొట్టం, తర్వాత ఒక్కో ప్లగ్ గుడ్డతో తుడిచి చూశాడు. వంటింటి ప్లగ్ మర దగ్గర తడి కనిపించింది. టెఫ్లాన్ టేపు కొత్తగా చుట్టి మళ్లీ 6కు ఎక్కిస్తే, గేజి అద్దం మీద నేను పెన్నుతో పెట్టిన గీత దగ్గరే ముల్లు అరగంట నిలబడింది. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, టైముతో సహా ఫోటో తీసుకున్నాను. గోడలో పైపులు పోయిన దారిని కూడా టేపు కొలతలతో ఫోటో తీయండి, రేపు మేకు కొట్టేటప్పుడు అక్కరకొస్తుంది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన చూసే జిల్లా మనది. బోరు నీళ్లు గోడలోకి పోతున్నా ఎవరికీ కనబడదు. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు నాలుగు లీటర్లు పోతాయి, దానికంటే ముందు గోడ పోతుంది.

ప్లంబర్ అన్నలారా, ఇది మీ మీద అనుమానంతో రాసింది కాదు. ముల్లు నిలబడిన ఫోటో యజమాని దగ్గరుంటే, రేపు బేల్దారి సుత్తి దెబ్బకు పైపు చిట్లినా ఆ తప్పు మీ మీదికి రాదు. అందుకే టెస్ట్ అయ్యాక మిషను విప్పేయకండి. రెండు మూడు కిలోల ప్రెజర్ ఉంచి గేజిని బాత్రూంలోనే వదలండి. టైల్స్ పని జరిగినన్నాళ్లూ పొద్దున, సాయంత్రం ఇంటివాళ్లు ముల్లు చూసుకుంటారు. ఒక్కసారిగా పడిపోతే, ఆ రోజు ఏ గోడ మీద పని జరిగిందో అక్కడే వెతకొచ్చు.

ఇంటి యజమానులారా, పని ఒప్పుకునే రోజే ఈ మాట కాగితం మీద రాయించండి: 6 కిలోలు, అరగంట, యజమాని ఎదుట. గాడి పూడ్చడానికీ టైల్స్‌కూ బేల్దారిని పిలిచేది ఆ తర్వాతే.

– కొత్తచెరువులో ఒక ఇంటి యజమాని