క్యాను లేవక ముందే బరువు తెలియాలి

తమను తాము వీడియో తీసుకుని, అది చూసి యానిమేషన్ చేయడం కాపీ కొట్టడమేనని మా స్నేహితులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అయితే ఆ వీడియోను వాడే పద్ధతి తెలియకపోతే వాళ్ల మాటే నిజమవుతుంది.

మేముండే ముఖర్జీ నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే అన్నయ్యలు, అక్కయ్యలు ఎక్కువ. వాళ్ల గదులకు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మోసేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఒక మనిషి ఒంటి చేత్తో క్యాను ఎత్తే దృశ్యం చేద్దామనుకున్నాను. ముందు ఖాళీ క్యానుతో నటించి ఫోన్‌లో తీశాను. పళ్లు బిగించాను, మూలిగాను కూడా. అయినా క్యాను ఖాళీదని చూడగానే తెలిసిపోయింది.

రెండోసారి సగం నీళ్లు నింపాను. అంటే సుమారు 10 కిలోలు. ఫోన్‌ను నడుము ఎత్తున స్టూలు మీద పెట్టి, పాదాలు కూడా కనబడేలా ఎదురుగా తీశాను. తర్వాత రెండు వీడియోలనూ ఒక్కొక్క ఫ్రేమే జరుపుతూ చూశాను. ఖాళీ క్యాను చెయ్యి తగలగానే లేచింది. నీళ్ల క్యాను మాత్రం పట్టుకున్నాక 15 ఫ్రేములు కదలనే లేదు. ఆ లోపల మోచెయ్యి బిగిసి, భుజం కిందికి జారి, ఒళ్లు రెండో వైపుకు ఒరిగి, రెండో చెయ్యి దూరంగా చాచుకుంది. ఆ తర్వాతే క్యాను నేలను వదిలింది. బరువు మొహంలో లేదు, ఆ ఆగడంలో ఉంది.

మా ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. కాబట్టి 15 అంటే అర సెకను. నా యానిమేషన్ సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు నిలుస్తుంది. అంటే ఆ ఆగడానికి 6 బొమ్మలు కావాలి. ఈ లెక్క వేయకుండా వీడియో ఫ్రేముకొక ఫ్రేము చొప్పున వేస్తే కదలిక నెమ్మదిగా, నీళ్లలో నడిచినట్టు అవుతుంది.

'అద్దం చాలదా?' అని అడగవచ్చు. మొహంలో భావాలకు చాలు. బరువు ఎత్తేటప్పుడు అద్దంలోకి చూస్తే తల తిరుగుతుంది, కదలికే మారిపోతుంది. పైగా అద్దంలో ఫ్రేములు లెక్కపెట్టలేం.

ఇక నా తప్పు. మొదట వీడియో మీదే గీతలు గీసేశాను. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నా బొమ్మ చప్పగా వచ్చింది. 1937 నాటి 'స్నో వైట్' కోసం డిస్నీ వాళ్లు మార్జరీ బెల్చర్ అనే నర్తకితో నటింపజేసి చిత్రీకరించారు. నేరుగా గీస్తే బిగుసుకుపోయినట్టు ఉంటుందని వాళ్ల చిత్రకారులకూ అనుభవమే. అందుకే మళ్లీ మొదలుపెట్టాను. వంగడం, పట్టుకోవడం, ఒరగడం, లేవడం అనే నాలుగు భంగిమలనూ వాటి ఫ్రేముల లెక్కనూ కాగితం మీద రాసుకుని ఫోన్ పక్కన పెట్టేశాను. ఒరగడాన్ని కాస్త పెంచి గీశాను. ఆగడాన్ని 6 బొమ్మల నుంచి 8కి పెంచాను.

ఈసారి చూసిన మా తమ్ముడు 'అమ్మో, నిండు క్యానే!' అన్నాడు.