దయ అడగొద్దు, నకలు అడుగు

సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చిన నాలుగో రోజు మా డిగ్రీ పిల్లాడొకడు కాగితం పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "సార్, యూనివర్సిటీకి లెటర్ రాశాను. తప్పులుంటే దిద్దండి" అన్నాడు. ఎకనామిక్స్‌లో డెబ్బైకి 24 వచ్చాయి. పాస్ కావాలంటే 28 రావాలి.

లెటర్‌లో ఇలా ఉంది: "అయ్యా, మాది పేద ఎస్సీ కుటుంబం. అమ్మానాన్న కూలికి పోతారు. తమరు దయతలచి నా పేపరు మళ్లీ చూసి పాస్ చేయగలరని వేడుకుంటున్నాను."

అక్షర దోషం ఒక్కటీ లేదు. కానీ నాకు గొంతు పట్టేసింది. మన తాతలు దొర గడప ముందు నిలబడి మాట్లాడిన భాష అది. తన కులం, తన పేదరికం, అమ్మానాన్నల కూలి అన్నీ చెప్పుకున్నాడు. పేపరు చూపించమని మాత్రం అడగలేదు.

అడగొచ్చని వాడికి ఎవరూ చెప్పలేదు. 2011 ఆగస్టులో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: దిద్దిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం కింద 'సమాచారమే', రాసిన విద్యార్థి దాన్ని చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదని ఆ చట్టంలోనే సెక్షన్ 6(2) ఉంది. అంటే అమ్మానాన్నల కూలి గురించి రాయాల్సిన పనే లేదు.

ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం:

"ప్రజా సమాచార అధికారి, ఎగ్జామినేషన్ బ్రాంచ్ గారికి. సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఈ హాల్ టికెట్ నంబరుతో, ఈ తేదీన నేను రాసిన ఎకనామిక్స్ జవాబు పత్రం అన్ని పేజీలకూ, మార్కుల పట్టిక ఉన్న మొదటి పేజీతో సహా, ధ్రువీకరించిన నకలు ఇవ్వగలరు. దిద్దినవారి పేరు, సంతకం తొలగించి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఈ దరఖాస్తు తేలేవరకు ఆ పత్రాన్ని భద్రపరచగలరు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేశాను."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. మొదటి పేజీ లేకపోతే లోపలి మార్కులను దేనితో పోల్చుకోవాలి? దిద్దినవారి పేరు మనకు ఇవ్వరు, ఇవ్వకూడదని కోర్టే చెప్పింది. ఆ పేరు అడిగితే దరఖాస్తు పక్కన పడేయడానికి వాళ్లకో సాకు దొరుకుతుంది. ఇక భద్రపరచమనడం ఎందుకంటే, యూనివర్సిటీలు పేపర్లను కొంతకాలమే ఉంచి తర్వాత తీసేస్తాయి. లేని పేపరును ఏ చట్టమూ తెచ్చివ్వలేదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సమాచారం ఇవ్వడానికి చట్టం 30 రోజులు గడువిచ్చింది. మా వాడికి రీకౌంటింగ్ గడువు 15 రోజులే. నకలు వచ్చాక చూద్దాంలే అని ఆగితే ఆ తలుపు మూసుకుపోతుంది. అందుకే రెండు దరఖాస్తులూ ఒకే రోజు పంపించాం. పోస్టాఫీసు రసీదులు నోట్‌బుక్‌లో అంటించుకోమన్నాను. యూనివర్సిటీ సొంతంగా ఇచ్చే జిరాక్స్ కాపీకి వందల్లో ఫీజు. సమాచార హక్కు కింద పేజీకి రెండు రూపాయలే. ఏ దారిలో వెళ్లాలో విద్యార్థే ఎంచుకోవచ్చని 2019లో ఐసీఎస్ఐ, పరస్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇరవయ్యో రోజు రీకౌంటింగ్ ఫలితం వచ్చింది: 'నో చేంజ్'. వాడు సప్లీ ఫీజు కట్టడానికి సిద్ధమైపోయాడు. ఇరవై ఎనిమిదో రోజు నకలు వచ్చింది. ఒక్కో ప్రశ్నకు లోపల వేసిన మార్కును మొదటి పేజీ గడితో పోల్చుకుంటూ వెళ్లాం. పదమూడో పేజీలో నాలుగో ప్రశ్నకు ఎర్ర ఇంకుతో 6 ఉంది. మొదటి పేజీలో నాలుగో గడి ఖాళీ. 24కు 6 కలిపితే 30. పిల్లాడు పరీక్ష రాసిన రోజే పాసయ్యాడు!

రెండో లెటర్ నాలుగు లైన్లే. పేజీ నంబరు, ప్రశ్న నంబరు, ఖాళీ గడి, సరైన మొత్తం. వెనక నకలు జత. మార్కుల మెమో మారింది.

ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని అనుకోవద్దు. కూడిక సరిగ్గానే ఉండి, 'ఈ జవాబుకు ఇంకో నాలుగు వేయాలి' అనిపిస్తే అది రీకౌంటింగ్‌తో తేలదు. మరో ఎగ్జామినర్ దిద్దాలి, అంటే రీవాల్యుయేషన్. దానికి యూనివర్సిటీ రూల్సే దిక్కు. సమాచార హక్కు పేపరు చూపిస్తుంది, మళ్లీ దిద్దించదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే యూనివర్సిటీలోని అప్పీలు అధికారికి సెక్షన్ 19(1) కింద రాయండి.

"అడిగితే తర్వాతి పేపర్లలో కక్ష కడతారేమో సార్" అన్నాడు వాడు మొదటి రోజు. ఆ భయం ఊరికే పుట్టలేదు. వైవాల్లో, ఇంటర్నల్స్‌లో మన పేరు, మొహం, ఊరు అన్నీ వాళ్లకు కనబడుతూనే ఉంటాయి. కానీ ఆ పదమూడో పేజీ వాడి మొహం చూసి మాట మార్చలేదు.

మొదటి లెటర్ ఇంకా నా దగ్గరే ఉంది. అందులో వాడు అడిగింది దయ. ఆ ఆరు మార్కులు మాత్రం వాడు రాసి సంపాదించుకున్నవి.