నక్షత్రాలు లెక్కపెడితే చాలదు

మొన్న ఎండలు ముదిరినప్పుడు మా తోడికోడలు సుజాత ఫోన్ చేసింది. "అక్కా, మామయ్యగారికి గుండె ఆపరేషన్ అయింది కదా, గదిలో ఏసీ పెట్టిద్దామనుకుంటున్నా. చీటీ డబ్బులు 45 వేలు వచ్చాయి. నువ్వూ షాపుకి రా" అంది. వెళ్ళాను.

మూడు కంపెనీలవి చూపించారు. మూడూ ఒకటిన్నర టన్నే. మొదటిది 3 స్టార్, 36 వేలు. రెండోది 5 స్టార్, 41 వేలు. మూడోదీ 5 స్టారే, కానీ 45 వేలు. "రెండూ అయిదు చుక్కలే కదా, నాలుగు వేలు ఎందుకమ్మా దండగ?" అన్నాడు షాపు అబ్బాయి. సుజాతకీ అదే నచ్చింది.

నేను కళ్ళజోడు పెట్టుకుని స్టిక్కరు చదివాను. చుక్కలతో పాటు ఆ లేబుల్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. రెండోదాని గడువు కిందటేడే అయిపోయింది! అంటే పాత లెక్కలో వేసిన చుక్కలన్నమాట. ప్రభుత్వం అప్పుడప్పుడూ ఈ లెక్క బిగిస్తుందండీ. 2022 జూలైలో అలా బిగించినప్పుడు అంతకుముందు 5 స్టార్ ఉన్న ఏసీలు చాలావరకు 4కి దిగిపోయాయి.

అందుకే చుక్కలు వదిలేసి యూనిట్లు చూశాం. ఏడాదికి 1600 గంటలు వాడితే ఎంత కరెంటు కాలుతుందో లేబుల్ మీదే ఉంటుంది. మొదటిది 1000, రెండోది 880, మూడోది 750 యూనిట్లు. చల్లబరిచే శక్తి మూడింటికీ 5000 వాట్లే. అది కూడా చూసుకోవాలండోయ్! శక్తి తక్కువైతే యూనిట్లూ తక్కువే కనిపిస్తాయి, అది పొదుపు కాదు.

మామయ్యగారు పగలంతా గదిలోనే ఉంటారు. రోజుకి 13 గంటల చొప్పున నాలుగు నెలలంటే దగ్గర దగ్గర 1600 గంటలే. సుజాత బిల్లులో పై శ్లాబు యూనిట్ 8 రూపాయలు పడుతోంది. రెండోదాని కన్నా మూడోది 130 యూనిట్లు తక్కువ, అంటే ఏడాదికి 1040 రూపాయలు మిగులు. ఎక్కువ పెట్టిన నాలుగు వేలు నాలుగేళ్ళలో వచ్చేస్తాయి. 3 స్టార్‌తో పోలిస్తే 250 యూనిట్లు, 2000 రూపాయలు మిగులు. ఆ తొమ్మిది వేల తేడా నాలుగున్నరేళ్ళలో తీరిపోతుంది. సుజాత మూడోదే కొంది.

"మరి మీ ఇంట్లో 3 స్టార్ ఎందుకక్కా?" అని నిలదీసింది. మేం రెండు నెలలు, రాత్రి ఎనిమిది గంటలే వేస్తాం. మొత్తం 480 గంటలు. మాకు మిగిలేది 75 యూనిట్లు, 600 రూపాయలు. తొమ్మిది వేలు రాబట్టుకోవాలంటే పదిహేనేళ్ళు పడుతుంది!

కాబట్టి మీరు షాపుకి వెళ్ళే ముందు మీ ఇంట్లో ఏసీ ఎన్ని గంటలు తిరుగుతుందో కాగితం మీద వేసుకోండి. కిందటి నెల కరెంటు బిల్లు కూడా సంచీలో పెట్టుకోండి.